పాఠం చెడిన రోజు జరిగే సంభాషణ

రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడిలోనే గడుస్తాయి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో తెచ్చిన నిబంధనలతో కోర్సు ఏడాది నుంచి రెండేళ్లకు పెరిగింది, దాంతోపాటే ఈ ఇంటర్న్‌షిప్ కాలమూ పెరిగింది. ఆ వారాల్లో ఛాత్రోపాధ్యాయులు చెప్పే పాఠాల్లో కొన్ని చెడిపోతాయి. బెల్లు కొట్టగానే సుద్దముక్క చేతుల్తోనే వచ్చి మెంటర్ టీచర్ ఎదురుగా కూర్చుంటారు. అక్కడి నుంచి పది పదిహేను నిమిషాలు ఏం మాట్లాడుకుంటారన్నదాన్ని బట్టి మర్నాటి పాఠం ఉంటుంది.

మెంటర్లు సాధారణంగా అనుభవమున్న టీచర్లే. పిల్లలకు పాఠం ఎలా చెప్పాలో వాళ్లకు బాగా తెలుసు. పాఠం చెడి, ముఖం చిన్నబుచ్చుకుని వచ్చిన పెద్ద మనిషితో ఎలా మాట్లాడాలన్నది వేరే విద్య. దాన్ని సాధన చేయించడానికి శిక్షణల్లో వాడే ఒక పద్ధతి రోల్‌ప్లే. ఇద్దరు మాట్లాడతారు, మూడోవారు పక్కన కూర్చుని రాసుకుంటారు. ఆ ఇద్దరి చేతుల్లో ఉండే సంభాషణ కాగితం, అంటే స్క్రిప్టు, ఎలా రాయాలన్నదే ఇక్కడి విషయం. చూడ్డానికి తేలిక పనిలా ఉంటుంది. రాయడానికి కూర్చుంటే మాత్రం దాదాపు ప్రతివారి మొదటి ప్రతీ ఒకేలా వస్తుంది.

ఆ మొదటి ప్రతి ఇలా ఉంటుంది.

మెంటర్: పాఠం ఎలా జరిగిందనుకుంటున్నావమ్మా?
ట్రైనీ: బాగా జరగలేదు మేడమ్.
మెంటర్: ఏం ఫర్లేదు, కొత్తలో అందరికీ ఇంతే. నీ గొంతు బాగుంది, బోర్డు మీద రాత ముత్యాల్లా ఉంది. కాకపోతే క్లాస్ కంట్రోల్ చూసుకోవాలి. టీఎల్ఎం వాడాలి. పిల్లల్ని పాఠంలో భాగం చెయ్యాలి. రేపు ఇవన్నీ సరిచేసుకో.
ట్రైనీ: సరే మేడమ్.

ఇందులో కటువైన మాట ఒక్కటీ లేదు, మెంటర్ మంచావిడే. అయినా ఈ సంభాషణ వల్ల మర్నాడు క్లాసులో ఏదీ మారదు. మెంటర్ చెప్పిన మూడు సలహాలూ ఏ బడిలో ఏ పాఠానికైనా చెప్పగలిగినవే. ఆ రోజు ఏ సబ్జెక్టు చెప్పారో కూడా ఈ కాగితం చదివితే తెలియదు. చివరన ఉన్న ‘సరే మేడమ్’ అన్నిటికన్నా పెద్ద చిక్కు. మన బళ్లలో పెద్దవారి మాటకు ఎదురాడకపోవడం మర్యాద. పైగా ఇంటర్న్‌షిప్ రికార్డు మీద సంతకం పెట్టేది కూడా ఆ మేడమే. కాబట్టి అర్థమైనా, కాకపోయినా వచ్చే జవాబు అదే.

పొగడ్తను ముందు పెట్టి, విమర్శను దాని వెనక దాచే అలవాటు గురించి మరో మాట చెప్పాలి. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు 1996లో, పనితీరు మీద చెప్పే అభిప్రాయాల గురించి అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. మొత్తం మీద అవి మేలే చేశాయి. కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు మెరుగుపడకపోగా తగ్గింది. వాళ్లు చూపిన కారణం ఆలోచించదగ్గది: వినేవారి ధ్యాస పని మీది నుంచి తన మీదికి మళ్లినప్పుడు ఆ అభిప్రాయానికి బలం తగ్గిపోతుంది. ‘నీ గొంతు బాగుంది’ అన్నా, ‘నీకు కంట్రోల్ లేదు’ అన్నా మాట మనిషి మీదికే పోయింది. పాఠం పక్కన ఉండిపోయింది.

అందువల్ల స్క్రిప్టు రాసేవారు సంభాషణ కంటే ముందు పాఠాన్ని తయారుచేసుకోవాలి. ఏ తరగతి, ఏ అంశం, ఏ నిమిషంలో ఏం జరిగింది, ఏ పిల్లవాడు ఏమన్నాడు అన్నవన్నీ ముందే తేలాలి. అమెరికాలోని హార్వర్డ్‌లో 1950ల చివర్లో మోరిస్ కోగన్, ఆ తర్వాత రాబర్ట్ గోల్డ్‌హామర్ రూపొందించిన పరిశీలన పద్ధతిలోనూ వరస ఇదే. పాఠానికి ముందు ఇద్దరూ మాట్లాడుకుంటారు. మెంటర్ పాఠాన్ని చూసి జరిగింది జరిగినట్టు రాసుకుంటారు. ఆ రాతల్ని ఒంటరిగా కూర్చుని చదువుకుంటారు. తర్వాతే ట్రైనీతో మాట్లాడతారు. చివర్లో, ఆ మాట్లాడిన తీరు ఎలా ఉందో మళ్లీ చూసుకుంటారు. హడావిడిలో మన దగ్గర ఎక్కువగా జారిపోయేది మూడో మెట్టు, అంటే రాసుకున్నది చదువుకోవడం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది రోల్‌ప్లే కోసం కల్పించిన పాఠమే, అయితే ఇందులోని తప్పులు లెక్కల టీచర్లందరికీ పరిచయమైనవే. అయిదో తరగతి, భిన్నాల పోలిక. ట్రైనీ బోర్డు మీద గుండ్రటి రొట్టె గీసి మూడో వంతుకు రంగు వేసింది. పక్కనే పొడుగాటి చాక్లెట్ గీసి నాలుగో వంతుకు రంగు వేసింది. ఏది పెద్దదని అడిగింది. ఒక పిల్లవాడు నాలుగో వంతే పెద్దదన్నాడు. తప్పని చెప్పి కూర్చోబెట్టింది. తర్వాత ‘హారం పెద్దదైతే భిన్నం చిన్నది’ అని చెప్పి, అందరితో అనిపించింది. ఆపైన 2/3, 3/4లో ఏది పెద్దదో రాయమంది. చాలామంది 2/3 అని రాశారు. అది తప్పనేసరికి క్లాసులో గోల మొదలైంది. డస్టరుతో బల్ల మీద కొట్టాల్సి వచ్చింది.

ఇక రోల్ కార్డులు. మెంటర్ పాత్ర వేసేవారికి పై వివరాలన్నీ టైముతో సహా ఇస్తారు. ట్రైనీ కార్డులో మాత్రం మెంటర్‌కు తెలియని సంగతి ఒకటి ఉండాలి. ఈ ఉదాహరణలో అది ఇది: ‘పట్టీల కోసం రాత్రి కాగితం కత్తిరించావు. అవి బ్యాగులోనే ఉన్నాయి. పంచితే పిల్లలు గోల చేస్తారని భయపడి తీయలేదు. ఈ విషయం నీ అంతట నువ్వు చెప్పవద్దు. మెంటర్ అడిగి, నీకు మాట్లాడే వ్యవధి ఇస్తేనే చెప్పు.’ ఈ దాపరికం లేకపోతే రోల్‌ప్లే బట్టీ పద్యం అప్పజెప్పినట్టుంటుంది. మెంటర్ తెలుసుకోవాల్సింది ఏదో ఎదుటివారి దగ్గర ఉంటేనే, వినడమనే పని మొదలవుతుంది.

మళ్లీ రాసిన స్క్రిప్టు మొదటి భాగం:

మెంటర్: రా అమ్మా, కూర్చో. మంచినీళ్లు తాగావా?
ట్రైనీ: తాగాను మేడమ్.
మెంటర్: ఇప్పుడు మార్కుల ఊసు లేదు. క్లాసులో విన్నవీ చూసినవీ టైముతో రాసుకున్నాను, ఇద్దరం చూద్దాం. ముందు నువ్వు చెప్పు, ఎక్కడ తేడా వచ్చిందనిపించింది?
ట్రైనీ: క్లాస్ కంట్రోల్ తప్పింది మేడమ్. వెనక బెంచీల వాళ్లు అస్సలు వినలేదు.
మెంటర్: గోల ఎప్పుడు మొదలైందో గుర్తుందా?
ట్రైనీ: మొదటి నుంచీ అంతే మేడమ్.
మెంటర్: (నోటుబుక్కు ఇద్దరి మధ్యా పెట్టి) ఇది చదువు.
ట్రైనీ: ‘11.04, కిటికీ పక్క పిల్లాడు: నాలుగో వంతే పెద్దది మేడమ్, బొమ్మ చూడండి. 11.06, టీచర్: హారం పెద్దదైతే భిన్నం చిన్నది. క్లాసంతా మూడుసార్లు అన్నారు. 11.12, లెక్క ఇచ్చారు. 11.15, వెనక వరసలో మాటలు. 11.18, డస్టరు.’
(మౌనం)
ట్రైనీ: పదకొండుంబావు దాకా వింటూనే ఉన్నారు.
మెంటర్: ఊఁ.
ట్రైనీ: లెక్క ఇచ్చాకే గోల.
మెంటర్: లెక్కకి వాళ్లు ఏం రాశారు?
ట్రైనీ: 2/3 పెద్దదని రాశారు. 3/4 కింద నాలుగుంది కదా, అందుకని. నేను తప్పన్నాను.
మెంటర్: ఆ జవాబు వాళ్లకి ఎక్కడి నుంచి వచ్చింది?
(మౌనం. అయిదు సెకన్లు.)
ట్రైనీ: నేను చెప్పిన సూత్రం నుంచే మేడమ్.

ఇక్కడ మెంటర్ మాటలు ఎంత తక్కువో గమనించాలి. ‘కంట్రోల్ తప్పింది’ అన్న ట్రైనీ అభిప్రాయాన్ని ఆమె కాదనలేదు, ఔననలేదు. టైము అడిగింది, తర్వాత నోటుబుక్కు తిప్పి పెట్టింది. నోటుబుక్కులో ‘క్రమశిక్షణ లోపించింది’ అని రాసి ఉంటే ఇది సాధ్యమయ్యేదే కాదు. అది తీర్పు. దాని మీద వాదించుకోవచ్చు లేదా తలవంచుకోవచ్చు. ‘11.15, వెనక వరసలో మాటలు’ అన్నది సంఘటన. దాన్ని ఇద్దరూ కలిసి చూడవచ్చు. గోల కారణం కాదు, ఫలితం అన్న సంగతి ట్రైనీకి ఆ రెండు అంకెల మధ్య కనిపించింది. సూత్రం చెప్పారు, పిల్లలు దాన్ని నమ్మి వాడారు, వాడితే తప్పన్నారు. ఇక దేన్ని నమ్మాలో తెలియని పిల్లలు పక్కవాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టారు.

స్క్రిప్టులో మౌనాన్ని కూడా రాయడం ఎందుకో చెప్పాలి. మేరీ బడ్ రో అనే సైన్సు విద్యా పరిశోధకురాలు క్లాసుల్లో టీచర్ ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో కొలిచింది. సగటున ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడే పిల్లలూ పెరిగారు. టీచర్లు టీచర్లతో మాట్లాడేటప్పుడు కూడా ఆ అలవాటును వదులుకోరు. రోల్‌ప్లేలో మెంటర్ పాత్ర వేసేవారికి అన్నిటికన్నా కష్టమైన చోటు ఆ అయిదు సెకన్లే. మూడో సెకనులోనే ‘అంటే నేననేది ఏంటంటే’ అని మొదలుపెడతారు. అందుకే పరిశీలకుడి చేతిలో గడియారం ఉండాలి.

రెండో భాగం:

మెంటర్: కిటికీ పక్క పిల్లాడి మాటకొద్దాం. నీ బొమ్మల్ని ఇక్కడ దింపుకున్నాను.
ట్రైనీ: (చూసి) బొమ్మలో నాలుగో వంతే పెద్దగా ఉంది మేడమ్.
మెంటర్: ఎందుకలా ఉంది?
ట్రైనీ: సరిగ్గా గీయలేదేమో.
మెంటర్: గీత బాగానే ఉంది. ఇది నేనే చెప్తాను విను. మూడో వంతు రొట్టెలోది, నాలుగో వంతు పెద్ద చాక్లెట్‌లోది. మొత్తాలు వేరైతే వంతుల్ని పోల్చలేం. రెండింటికీ మొత్తం ఒకటే అయి ఉండాలి. ఆ పిల్లాడు కళ్లకు కనిపించింది చెప్పాడు.
ట్రైనీ: నేను వాణ్ణి కూర్చోబెట్టేశాను.
(మౌనం)
మెంటర్: పాఠ్య పథకంలో కాగితం పట్టీలని రాశావు. అవేమయ్యాయి?
ట్రైనీ: బ్యాగులో ఉన్నాయి మేడమ్. రాత్రే కత్తిరించాను. పంచితే గోల చేస్తారని...
మెంటర్: ఊఁ.
ట్రైనీ: పంచకపోయినా చేశారు.

ఈ భాగంలో మెంటర్ ఒకచోట ప్రశ్నలాపి సూటిగా చెప్పేసింది. స్క్రిప్టు రాసేవారు అక్కడ తటపటాయిస్తారు. ట్రైనీ నోటి నుంచే అంతా రావాలన్న నియమాన్ని చివరిదాకా పట్టుకుని, ‘ఇంకా ఆలోచించు’, ‘ఇంకోలా చూడు’ అని తిప్పుతారు. తెలిసిన జవాబును దాచుకుని అడిగే ప్రశ్న, ఎదుటివారికి పరీక్షలాగే తగులుతుంది. ట్రైనీ తన అనుభవంలోంచి తీసి చెప్పగలిగిన దాన్ని అడగాలి: గోల ఎప్పుడు మొదలైంది, పట్టీలు ఎందుకు తీయలేదు. ఆమెకు తెలియని విషయాన్ని మాత్రం చెప్పెయ్యాలి. ‘మొత్తం ఒకటే అయి ఉండాలి’ అన్నది గణితం. అది మెంటర్‌కు తెలిసి ఉండాలి కూడా. తెలియని మెంటర్ చేతికి ఎంత మంచి స్క్రిప్టు ఇచ్చినా, ఈ సంభాషణ గొంతు, బోర్డు రాత, క్లాస్ కంట్రోల్ దగ్గరే తిరుగుతుంది.

భయం సంగతి మెంటర్ నోట రాకపోవడం కూడా స్క్రిప్టులో కావాలని పెట్టిందే. గోలకు భయపడి పట్టీలు దాచింది, పట్టీలు లేకే గోలయింది. ఇంత పొందికగా కనిపించిన ముడిని తానే విప్పి చూపించాలని ఏ మెంటర్‌కైనా అనిపిస్తుంది. ‘ఊఁ’ అని ఊరుకుంటే ట్రైనీయే విప్పుకుంటుంది.

మూడో భాగాన్ని సగమే రాయాలి.

మెంటర్: రేపు అదే క్లాసులో పది నిమిషాలు నీకిస్తాను. ఏం చేస్తావు?

ఇక్కడితో కాగితం ఆగిపోతుంది. ఇద్దరూ సొంతంగా కొనసాగించాలి. అందరికీ తెలిసిన మైక్రోటీచింగ్ చక్రంలోనూ చెడిన పాఠాన్ని మళ్లీ చెప్పే అవకాశం ఉంది. 36 నిమిషాల్లో 6 బోధనకు, 6 అభిప్రాయాలకు, 12 తిరిగి పథకం వేసుకోవడానికి, 6 పునర్బోధనకు, మిగిలిన 6 మళ్లీ అభిప్రాయాలకు పోతాయి. అన్నిటికన్నా ఎక్కువ సమయం పథకానికే ఇచ్చారు. మెంటర్‌తో సంభాషణ కూడా ఆ ‘మళ్లీ చెప్పడం’ దగ్గరికి చేరకపోతే అది ఓదార్పుగానో మందలింపుగానో మిగిలిపోతుంది.

ఈ ఉదాహరణలో ఆ పది నిమిషాలకు సరిపడేది చిన్న పని. 12 సెంటీమీటర్ల పట్టీలు, అన్నీ ఒకే పొడవువి. మూడు భాగాలుగా మడిస్తే ఒక్కోటి 4 సెంటీమీటర్లు, నాలుగుగా మడిస్తే 3. మూడో వంతు ఎందుకు పెద్దదో చేతికే తెలుస్తుంది. తర్వాత రెండు భాగాలకు, మూడు భాగాలకు రంగు వేస్తే 8, 9 సెంటీమీటర్లు వస్తాయి. 3/4 పెద్దది. ‘హారం పెద్దదైతే భిన్నం చిన్నది’ అన్న మాట పైన లవం ఒకటే అయినప్పుడు మాత్రమే నిలుస్తుందని అప్పుడు చెప్పవచ్చు. ట్రైనీ ఇంతవరకు చెప్పగలిగితే చాలు. ఎక్కువమంది మెంటర్లు ఇక్కడ ఉత్సాహపడి పాటలు, ఆటలు, గ్రూపు పని, హోంవర్కు అన్నీ జోడిస్తారు. పరిశీలకుడు వాటిని లెక్కపెట్టి, సంభాషణ అయ్యాక మెంటర్‌కు చూపించాలి.

పరిశీలకుడు రాసుకోవాల్సినవి మరీ ఎక్కువ లేవు. ఎవరు ఎంతసేపు మాట్లాడారు, మెంటర్ అడిగిన వాటిలో జవాబు ముందే తెలిసినవి ఎన్ని, ట్రైనీ ఎన్నిసార్లు ‘సరే మేడమ్’ అంది. చివరిదాన్ని విడిగా గీతలు పెట్టుకోవడం మంచిది. వరసగా మూడు గీతలు పడ్డాయంటే సంభాషణ అప్పటికే ఉపన్యాసమైపోయిందన్నమాట.

మొదటి ఆవృత్తి అయ్యాక పాత్రలు మార్చుకుంటారు, ట్రైనీ కార్డు కూడా మారుస్తారు. మెత్తగా ఉండే ట్రైనీతో మెంటర్ పాత్ర బాగానే సాగుతుంది. ‘వీళ్లకి బేసిక్సే రావు మేడమ్, నాలుగో తరగతిలో ఏం నేర్పారో’ అనే ట్రైనీ వస్తే తడబడతారు. వెంటనే పిల్లల తరఫున వాదనకు దిగుతారు, లేదా ‘అలా అనకూడదు’ అని నీతి చెప్తారు. ఇక్కడా మాటల కన్నా కాగితమే ఎక్కువ పనికొస్తుంది. పిల్లల నోటుబుక్కులు నాలుగు తెచ్చి ట్రైనీ ముందు పెట్టి, ‘ఈ పిల్ల ఏమనుకుని ఇలా రాసింది?’ అని అడగాలి. 2/3 పెద్దదని రాసిన పిల్ల చదువు రాక రాయలేదు. ఆ పూట టీచర్ చెప్పినదాన్ని శ్రద్ధగా విన్నందుకే అలా రాసింది. ఆ నోటుబుక్కు చూశాక కూడా ట్రైనీ పిల్లల్నే అంటే, అప్పుడు మెంటర్ సూటిగా కాదని చెప్పాలి. కార్డులో అలాంటి మొండి ట్రైనీనీ ఒకరిని ఉంచాలి.

రోల్‌ప్లేలో అందనివీ ఉన్నాయి. నటనలో ట్రైనీకి మార్కుల భయం నిజంగా ఉండదు. మెంటర్‌కు తర్వాతి పీరియడు బెల్లు వినిపించదు. స్టాఫ్‌రూములో పక్కన మరో నలుగురు టీచర్లు వింటూ ఉండరు. కనీసం చివరిదాన్నయినా స్క్రిప్టులోకి తేవచ్చు: ‘మెంటర్ ట్రైనీని స్టాఫ్‌రూమునుంచి ఖాళీ తరగతి గదిలోకి తీసుకెళ్తుంది’ అని మొదటి లైనుగా రాస్తే, నిజం బడిలోనూ అది అలవాటవుతుంది.

రెండో ఆవృత్తికి పనికొచ్చే కార్డు మరొకటి ఉంది. మర్నాటి పాఠం జరిగింది. పట్టీలు పంచారు, గోల లేదు. అయితే ఒక పాప లేచి, ‘2/3లో ఒక ముక్కే మిగిలింది, 3/4లోనూ ఒక ముక్కే మిగిలింది, కాబట్టి రెండూ సమానం మేడమ్’ అంది. భిన్నాలు నేర్చుకునే పిల్లలు నిజంగానే ఇలా ఆలోచిస్తారు. మిగిలిన ముక్కల్లో ఒకటి మూడో వంతు, రెండోది నాలుగో వంతు. పెద్ద ముక్క మిగిలిన చోట రంగు వేసింది తక్కువ. నిన్నటి పాఠంలో తేల్చుకున్నదే ఇవాళ జవాబుకు దారి చూపిస్తుంది. ట్రైనీ కార్డులో, ఆ పాపకు ఏం చెప్పాలో తోచక ‘తర్వాత చూద్దాం’ అని బోర్డు తుడిచేశావని రాసి ఉంటుంది. మెంటర్ కార్డులో పాప అన్న మాట, దాని పక్కన టైము, ఆ రెండే ఉంటాయి.